వీడ్కోలు సభకి ముందు ఎల్‌ఆర్ కట్టలు విప్పు

బుచ్చయ్యపేట,
2024 జూన్ 9.

చిరంజీవి అల్లుడికి మావయ్య దీవెనలు.

నువ్వు ఫోన్లో పంపిన ఉపన్యాసం మీ అత్త చేత పైకి చదివించుకుని విన్నాను. కళ్ళజోడు ఇంకా చోడవరం నుంచి రాలేదు. నెలాఖరు శనివారం మీ ఆఫీసు ఆవరణలో సభ అనీ, వడ్డాది డ్రైవరు గారికి సన్మానం అనీ, మేనేజర్ హోదాలో నువ్వు మాట్లాడాలనీ రాశావు. సంతోషం. గాజువాక ఆటోనగర్‌లో లారీ డ్రైవర్‌కి రిటైర్మెంట్ సభ జరగడమే అరుదు. ఆర్టీసీలో అయితే డిపోలో షామియానా వేస్తారు, దంపతులిద్దర్నీ కూర్చోబెట్టి శాలువాలు కప్పుతారు, కారెక్కించి ఇంటిదాకా దిగబెడతారు. ప్రైవేటు లారీ డ్రైవర్ ఒక రోజు బండి తాళాలు టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోతాడు, అంతే. మీ యజమాని ఇలా చేయించడం మంచి పని.

కానీ నువ్వు రాసిన ఉపన్యాసం బాగా లేదు. ‘అంకితభావం’, ‘క్రమశిక్షణ’, ‘మన సంస్థ కుటుంబంలో సభ్యుడు’, ‘నిస్వార్థ సేవ’. అందులో ఆయన పేరు తీసేసి గోవాడ చక్కెర ఫ్యాక్టరీ గుమాస్తా పేరు పెట్టినా ఒక్క మాట మార్చక్కర్లేదు. లారీ అన్న మాట మొత్తం మీద రెండుసార్లే వచ్చింది. ఆయన నడిపిన దూరం భూమి చుట్టూ ఎన్నిసార్లు తిరిగినట్టో లెక్క కట్టావు చూడు, అది మాత్రం ముందు కొట్టెయ్. ఆయన భూమి చుట్టూ తిరగలేదు. విశాఖ నుంచి హైదరాబాదుకి, కటక్‌కి, కలకత్తాకి వెళ్ళి వచ్చాడు.

మరేం చెప్పాలి అంటావు. మంచి డ్రైవర్ గురించి మాట్లాడటంలో ఒక చిక్కుంది. ఆయన గొప్పతనమంతా జరగని వాటిలో ఉంటుంది. సరుకు తడవలేదు, బండి దొర్లలేదు, పార్టీ నుంచి ఫోన్ రాలేదు. జరగని దాన్ని ఎవరూ రాసిపెట్టుకోరు. అందుకే సభల్లో మాటలు దొరక్క అందరూ అంకితభావం దగ్గరికి పరుగెత్తుతారు. నిజానికి ఆఫీసులో కాగితాలు ఉంటాయి, వాటిని చదవడం రావాలి. నేను ముప్పై ఏళ్ళు బుకింగ్ ఆఫీసులో కూర్చున్నవాణ్ణి కాబట్టి ఎక్కడ వెతకాలో చెబుతాను. నీకింకా ఇరవై రోజులుంది.

మొదట ఎల్‌ఆర్ కట్టలు విప్పించు. సరుకు దింపుకున్నాక పార్టీ సంతకం, ముద్ర వేసి తిరిగి పంపిన కాపీలు మీ దగ్గర సంవత్సరాల వారీగా కట్టి ఉంటాయి. అన్నీ ఉండవులే, ఎన్ని ఉంటే అన్ని. వాటిలో కింద రిమార్కుల గడి ఒకటుంటుంది. తడిసింది, చిరిగింది, రెండు బస్తాలు తక్కువ వచ్చాయి అని దింపుకున్నవాడు రాసేది అక్కడే. వడ్డాది ఆయన తెచ్చిన కాపీల్లో ఆ గడి చూడు. ముఖ్యంగా వానాకాలం బెల్లం లోడులు చూడు.

బెల్లం ఎందుకంటావా? అనకాపల్లి బెల్లం ఒరిస్సాకీ బెంగాలుకీ వెళ్ళడం మన చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఇనుము తడిస్తే తుప్పు, సిమెంటు తడిస్తే రాయి, ఆ సంగతి ఎవరికైనా కనబడుతుంది. బెల్లం అలా కాదు. అది గాలిలో ఉన్న చెమ్మనే పీల్చుకుంటుంది. వాన పడక్కర్లేదు, టార్పాలిన్ కింద పగటి వేడికి ఆవిరి పట్టి, రాత్రి చల్లబడి నీటి బొట్లై దిమ్మల మీద దిగితే చాలు. రంగు నల్లబడుతుంది, పై పొర జిగటవుతుంది, అడుగు వరస దిమ్మలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. తమాషా ఏమిటంటే నీళ్ళు పీల్చుకున్న సరుకు కాటా మీద తేలిక అవదు. అందుకని కాటా చీటీ చూసి ఏమీ తెలుసుకోలేవు. దింపుకున్న షావుకారు చేత్తో పట్టుకుని చూసి రాసే ఆ ఒక్క గడే సాక్ష్యం.

ఈయన ఏం చేసేవాడో నేను కళ్ళారా చూశాను, మా ఆఫీసు ముందే కట్టేవాడు. కలాసీలు లోడు ఎత్తేటప్పుడే మధ్యలో ఎత్తుగా, పక్కలకి వాలుగా వచ్చేలా వాళ్ళ వెంటబడి పేర్పించేవాడు. పైన చదునుగా ఉంటే టార్పాలిన్ మీద నీళ్ళు మడుగు కడతాయి. ఆ బరువుకి గుడ్డ సాగి ఎక్కడో చిన్న చిల్లు తెరుచుకుంటుంది. రెండు టార్పాలిన్లు వేయాల్సి వస్తే వెనకది ముందు పరిచి, ముందుదాన్ని దాని అంచు మీదకి వచ్చేలా తర్వాత పరిచేవాడు. ఇంటి మీద పెంకు నేసే వరసే అది, కాకపోతే ఇక్కడ నీళ్ళు జారేది పై నుంచి కాదు, బండి వేగానికి ఎదురుగా వచ్చి కొట్టే గాలివాన. అంచు తిరగబడి ఉంటే ఆ గాలి సందులో దూరి గుడ్డని బెలూన్‌లా లేపేస్తుంది. కుర్ర డ్రైవర్లు చాలామంది ఇది తల్లకిందులుగా వేస్తారు, బయట నుంచి చూస్తే తేడా తెలియదు.

బయలుదేరాక ఏ శ్రీకాకుళం దగ్గరో కాదు, ముప్పై నలభై కిలోమీటర్లలోనే ఆపి తాళ్ళన్నీ మళ్ళీ బిగించేవాడు. బండి కదిలాక సరుకు సర్దుకుంటుంది, ఆఫీసు ముందు ఎంత బిగించినా తాడు వదులవుతుంది. పగలు ఎండ కాస్తే ఎక్కడో నీడ చూసి ఆపి, టార్పాలిన్ పక్కలు పైకి మడిచి ఓ అరగంట గాలి తగలనిచ్చేవాడు. ఈ ఆపడాలకి ఆఫీసులో మేం విసుక్కునేవాళ్ళం. ఆ రోజుల్లో ఇచ్ఛాపురం చెక్‌పోస్టు దగ్గర లారీలు వరస కట్టి గంటల తరబడి నిలబడేవి. ముందు చేరితే ముందు బయటపడొచ్చని అందరి తొందర. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక ఆ చెక్‌పోస్టులు ఎత్తేశారు గానీ, నీకు తొందర మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇప్పుడది ఈ-వే బిల్లు రూపంలో ఉంది, రెండు వందల కిలోమీటర్లకి ఒక రోజు గడువు.

సరే, గడి ఖాళీగా కనబడగానే సంబరపడిపోకు. ఖాళీగా ఉండటానికి రెండు కారణాలు ఉండొచ్చు. సరుకు బాగుండటం ఒకటి, దింపుకున్నవాడు ఏమీ రాయని బద్ధకస్తుడు కావడం రెండోది. అందుకని అదే షావుకారు మిగతా డ్రైవర్ల కాపీల మీద ఏం రాశాడో పక్కన పెట్టుకుని చూడు. వాళ్ళ మీద ‘తడి’ అని రాసినవాడు ఈయన కాపీ మీద ఏమీ రాయకపోతే ఆ ఖాళీకి విలువ ఉంది. అలాంటి జత ఒక్కటి దొరికినా ఆ రెండు కాగితాలూ సభలో చేత్తో పట్టుకుని చూపించొచ్చు. రెండో డ్రైవర్ ఎవరన్నది మాత్రం వేలు అడ్డం పెట్టి దాచు.

తర్వాత గ్యారేజీ పుస్తకం. మీ మెకానిక్ దగ్గర ఏ బండికి ఎప్పుడు బ్రేకు లైనర్లు మార్చారో రాసి ఉంటుంది. ఈయన బండికీ, ఇదే రూట్లలో తిరిగిన ఇంకో బండికీ మార్పిడికీ మార్పిడికీ మధ్య ఎన్ని కిలోమీటర్లు పడ్డాయో చూడు. నా అంచనా తప్పకపోతే ఈయనవి చాలా ఎక్కువ కాలం వచ్చి ఉంటాయి. ఎందుకో చెబుతాను, ఇది సభలో అందరికీ అర్థమయ్యే సంగతే, పైగా మన ఊరి పక్క సంగతి.

పాడేరు నుంచి ఘాట్ దిగి మాడుగుల మీదుగా వడ్డాది వచ్చే దారి నీకు తెలుసు, బస్సులో కిటికీ పక్కన కూర్చుని వాంతి చేసుకున్నావు చిన్నప్పుడు. ఆ దారిలో కాఫీ బస్తాల లోడుతో పది చక్రాల లారీ దిగుతోందనుకో. 2018లో పరిమితి పెంచాక ఆ బండి సరుకుతో కలిపి ఇరవై ఎనిమిదిన్నర టన్నులు ఉండొచ్చు. అది ఆరు వందల మీటర్ల ఎత్తు దిగాలంటే ఆ బరువులో దాగిన శక్తినంతా ఎక్కడో ఒకచోట వేడిగా వదిలించుకోవాలి. లెక్క వేసి చూశాను. బావిలోంచి తోడిన నీళ్ళని ఐదు వందల లీటర్లకి పైగా మరగబెట్టేంత వేడి అది. ఆ వేడంతా బ్రేకు డ్రమ్ముల్లోకి వెళితే అవి ఎర్రబడతాయి, వేడికి వ్యాకోచించి లైనర్ల నుంచి దూరం జరుగుతాయి, లైనర్ పట్టు వదిలేస్తుంది. కాలు కింద పెడల్ మామూలుగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. భయపడి పదేపదే తొక్కితే ట్యాంకులో గాలి కూడా దిగిపోతుంది. ముందుగా తెలిసేది ముక్కుకి, కాలిన లైనర్ వాసన. ఆ వాసన వచ్చాక ఇంకో మలుపు చూద్దాం అనుకున్నవాళ్ళ సంగతి మన వైపు అందరికీ తెలుసు.

ఈ వేడిని ఇంజనుకి అప్పగించడమే డ్రైవర్ పనితనం. పైకి ఏ గేరులో ఎక్కుతామో దాదాపు అదే గేరులో కిందికీ దిగాలి. గేరు దిగుడు మొదలవక ముందే వేసుకోవాలి, మధ్యలో వేగం అందుకున్నాక కింది గేరు పడదు. అప్పుడు ఇంజను మూలుగుతూ బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు మలుపుల దగ్గర కాస్త తాకిస్తే చాలు. ఇలా దిగితే ఆలస్యం అవుతుంది, క్యాబిన్‌లో మోత భరించలేం. అందుకని డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్ళు ఉన్నారు. మిగిలిన డీజిల్ డబ్బులు చేతికొస్తాయి కదా అని ఆశ. వాళ్ళ లైనర్లే తొందరగా అరిగేవి, అవి కూడా అదృష్టవంతుల లైనర్లు. ఈయన ఎలా దిగేవాడో నీకు ఎవరూ చెప్పరు, ఘాట్‌లో పక్కన క్లీనర్ తప్ప ఇంకెవరూ ఉండరు. కానీ గ్యారేజీ పుస్తకంలో లైనర్ల తేదీలు చెబుతాయి.

మూడోది నీ కంప్యూటర్‌లోనే ఉంది. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయింది కాబట్టి ప్రతి టోల్ గేటూ ఏ నిమిషాన దాటాడో నీ స్టేట్‌మెంటులో ఉంటుంది. నువ్వు దాన్ని డబ్బుల కోసం చూస్తావు. ఈసారి నిద్ర కోసం చూడు. హైదరాబాదు లోడుతో రాత్రి పది దాటాక బయలుదేరిన ట్రిప్పు ఒకటి తీసుకో. నక్కపల్లి దగ్గర వేంపాడు గేటు, తర్వాత అన్నవరం దాటాక కృష్ణవరం గేటు. లోడు బండికి ఆ రెంటి మధ్యా గంటన్నర దారి. ఒంటిగంటన్నరకి వేంపాడు దాటిన బండి మూడింటికల్లా కృష్ణవరం దాటితే డ్రైవర్ నిద్ర ఆపుకుని నడిపాడన్న మాట. ఆరున్నరకి దాటితే అన్నవరం దగ్గరో ఎక్కడో పక్కకి తీసి పడుకున్నాడు. రాత్రి రెండు నుంచి ఐదు దాకా మనిషి ఒళ్ళు ఎంత అనుభవం ఉన్నా మాట వినదు. టీ తాగినా, మొహం కడుక్కున్నా ఓ పది నిమిషాలే. ఎదురు బండి ఏమీ లేకుండా, బ్రేకు వేసిన గుర్తు లేకుండా రోడ్డు పక్క ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దిన కేసులు ఎక్కువగా ఏ వేళ జరుగుతాయో హైవే పోలీసుని అడిగినా చెబుతాడు.

ఈయన ఆ వేళ ఆపేవాడు. ఆపినందుకు ఆఫీసు నుంచి ఎన్ని ఫోన్లు వెళ్ళాయో కూడా ఆయన్నే అడుగు. ‘ఎక్కడున్నావు, పార్టీ అడుగుతున్నాడు’ అని తెల్లవారుజామున చేసే ఫోన్ మన వ్యాపారంలో అతి ప్రమాదకరమైన వస్తువని నా అభిప్రాయం. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకి ఎనిమిది గంటలు, ఐదు గంటలకి ఒకసారి కనీసం అరగంట విశ్రాంతి అంటుంది. ఆ కాగితం సంగతి లారీ ఆఫీసుల్లో అడిగినవాడు లేడు. నువ్వు సభలో ఈ మాట ఎత్తితే మీ యజమాని మొహం ముడుచుకోవచ్చు. ఎత్తు. రిటైరయ్యే మనిషి కోసం కాదు, కింద కూర్చుని వింటున్న కుర్ర డ్రైవర్ల కోసం.

అమెరికాలో యూపీఎస్ అని పార్సిళ్ళ కంపెనీ ఉంది. తప్పించగలిగిన ప్రమాదం ఒక్కటి కూడా లేకుండా పాతికేళ్ళు నడిపిన డ్రైవర్లని వాళ్ళు ‘సర్కిల్ ఆఫ్ ఆనర్’ అని ఒక జాబితాలో చేర్చి గౌరవిస్తారు. ఆ ‘తప్పించగలిగిన’ అన్న షరతు నాకు నచ్చింది. ప్రమాదం అసలు జరగలేదు అనడం కంటే అది నిజాయితీగా ఉంటుంది. ఎవడో వచ్చి గుద్దితే డ్రైవర్ ఏం చేస్తాడు? వడ్డాది ఆయన బండికి కూడా ఒకసారి వెనక నుంచి ట్రాక్టరు తగిలింది, బంపరు వంగింది. కాబట్టి ‘ఒక్క ప్రమాదం కూడా లేదు’ అని మైకులో అరవకు, కింద నుంచి ఎవరో ట్రాక్టరు సంగతి అందుకుంటారు. ‘ఈయన తప్పు వల్ల జరిగినది లేదు’ అని చెప్పు, అదీ మీ ఇన్సూరెన్స్ క్లెయిముల ఫైలు చూసి నిర్ధారించుకున్నాకే.

ఇక ఉపన్యాసం. నేనైతే ఇలా మొదలుపెడతాను. తేదీలు, అంకెలు నువ్వు చూసి మార్చుకో.

“పెద్దలకీ, డ్రైవరన్నలకీ, క్లీనర్ తమ్ముళ్ళకీ, అమ్మగారికీ నమస్కారం. నా చేతిలో రెండు కాగితాలు ఉన్నాయి. రెండూ ఒకే వానాకాలంలో, ఒకే షావుకారు దగ్గర దింపిన బెల్లం లోడుల ఎల్‌ఆర్‌లు. ఒకదాని మీద ‘పై వరస తడి’ అని రాసి ఉంది. రెండోదాని మీద ఏమీ రాసి లేదు, ముద్ర, సంతకం అంతే. ఈ రెండోది మన వడ్డాది డ్రైవరు గారిది. ఈయన గురించి మన ఆఫీసులో దొరికిన గొప్ప కాగితం ఇదే. ఇందులో ఏమీ లేదు.

“ఈయన 1995 నవంబరులో చేరారు. అప్పటికి హైవే రెండు వరసలే, ఎదురు బండి లైటు కళ్ళలో పడితే రోడ్డు అంచు కనబడేది కాదు. ఇప్పుడు ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లికి ఆరు వరసలు పడ్డాయి. రోడ్డు మారింది, బండి మారింది, కాగితం ఫోన్లోకి వచ్చింది. లోడు కట్టే పద్ధతి మాత్రం ఈయన మార్చలేదు. ముందు టార్పాలిన్ అంచు వెనకదాని మీదకి రావాలి. క్లీనర్‌గా ఈయన దగ్గర పనిచేసి డ్రైవర్లైనవాళ్ళు ఇక్కడ ఉంటే చెయ్యెత్తండి. ఆ అంచు తిరగబడి వేసినందుకు ఎవరెవరు తిట్లు తిన్నారు?

“పాడేరు ఘాట్ దిగిన బండికి లైనర్లు ఎంత కాలం వస్తాయో మెకానిక్ గారు చెబుతారు. పుస్తకం ఆయన దగ్గరే ఉంది, మైకు ఇస్తాను. నేను ఒక్క మాట చెబుతాను. ఈయన రాత్రి రెండింటికి బండి పక్కకి తీసి పడుకున్నప్పుడల్లా నా స్క్రీన్ మీద బండి ఆగిపోయినట్టు ఎర్రగుర్తు వచ్చేది. ఇక మీదట ఆ వేళ ఆ గుర్తు వస్తే ఈ ఆఫీసు నుంచి ఏ డ్రైవర్‌కీ ఫోన్ వెళ్ళదు. ఈ నిర్ణయం యజమానితో మాట్లాడి తీసుకున్నాం.”

ఆ చివరి మాట చెప్పాలంటే ముందు నిజంగా యజమానితో మాట్లాడాలి. ఆయన ఒప్పుకోకపోతే ఆ వాక్యం కొట్టెయ్, అబద్ధం వద్దు. ఒప్పుకుంటే మాత్రం నువ్వు కప్పే శాలువా కంటే డ్రైవర్లకి అది ఎక్కువ నచ్చుతుంది.

ఐదు నిమిషాలు మించకు. మెకానిక్‌కి మైకు ఇస్తానన్నాను చూడు, అది మొక్కుబడికి కాదు. మేనేజర్ పొగిడితే అది మర్యాద అనుకుంటారు, మెకానిక్ పుస్తకం చదివితే అందరూ నమ్ముతారు. ఆయన సభలో మాట్లాడటానికి సిగ్గుపడతాడు, రెండు రోజులు ముందే చెప్పి తేదీలు ఎర్ర పెన్నుతో గీయించి పెట్టుకోమను. కలాసీ మేస్త్రీని కూడా పిలవండి. లోడు కట్టేటప్పుడు ఈయన పోరు ఎక్కువ పడింది వాళ్ళే.

డబ్బు సంగతి నువ్వు ఉత్తరంలో ఒక్క ముక్క రాయలేదు. సన్మానంలో అసలు భాగం అదే. సభకి ముందే ఈయన గ్రాట్యుటీ లెక్క కాగితం మీద పెట్టి, మూసి ఉన్న గదిలో ఆయనకీ ఆయన భార్యకీ చదివి చెప్పు. చట్టం 1972 నాటిది, సూత్రం చిన్నదే. చివరి నెల మూలవేతనం, కరువుభత్యం కలిపి ఇరవై ఆరుతో భాగించు, పదిహేనుతో హెచ్చించు, ఎన్నేళ్ళు పనిచేస్తే అన్నిటితో హెచ్చించు. ఆయనకి మూలవేతనం, కరువుభత్యం కలిపి పద్దెనిమిది వేల రెండు వందలని నువ్వోసారి అన్నట్టు గుర్తు. అదే నిజమైతే రోజుకి 700 రూపాయలు, పదిహేను రోజులకి 10,500. 1995 నవంబరు నుంచి ఈ నెలాఖరుకి ఇరవై ఎనిమిదేళ్ళ ఏడు నెలలు. ఆరు నెలలు దాటిన ముక్కని పూర్తి ఏడాదిగా తీసుకోవాలి కాబట్టి ఇరవై తొమ్మిది. మొత్తం 3,04,500 రూపాయలు. ఆ చివరి ఏడు నెలల్ని మీ అకౌంటెంట్ వదిలేస్తే పది వేల ఐదు వందలు పోతాయి, అందుకే నువ్వే స్వయంగా చూడు. ముప్పై రోజుల్లో ఇవ్వాలి, దాటితే వడ్డీ పడుతుంది.

ఆయన ఈ అంకె విని కాస్త చిన్నబుచ్చుకోవచ్చు. నెలకి చేతికొచ్చేది ముప్పై వేల పైన అని ఆయన లెక్క. అందులో సగం దాకా బత్తా, ట్రిప్పుకింత, హాల్టింగు డబ్బులు. అవి గ్రాట్యుటీ లెక్కలోకి రావు. లారీ డ్రైవర్ల జీతాలు ఇలా బత్తా మీద నిలబెట్టడంలో యజమానుల లాభం ఏమిటో రిటైరయ్యే రోజునే తెలుస్తుంది. నేను కూడా ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే కాబట్టి ఈ పద్ధతి ఎవరు పెట్టారో నీకు చెప్పక్కర్లేదు. ఎప్పుడో తీసుకున్న అడ్వాన్సులు ఏమైనా ఉంటే గ్రాట్యుటీలో పట్టుకుంటామని మీ అకౌంటెంట్ అంటాడు. వద్దను. ఆ లెక్క వేరే కూర్చుని తేల్చుకోండి.

పీఎఫ్ పెన్షన్ ఇంకో చిక్కు. యాభై ఎనిమిది నిండాయి, పదేళ్ళ సర్వీసు ఉంది కాబట్టి పెన్షన్ వస్తుంది, 10డి ఫారం పెట్టాలి. జీతాన్ని సర్వీసుతో హెచ్చించి డెబ్బైతో భాగించడం దాని సూత్రం. అయితే లెక్కలోకి తీసుకునే జీతానికి 2014 సెప్టెంబరు నుంచి 15,000 పరిమితి, అంతకు ముందు 6,500. ఆ కాలాలు విడివిడిగా లెక్కిస్తారు. అందుకని పెన్షన్ ఆయన అనుకున్న దాంట్లో సగం కూడా ఉండకపోవచ్చు. ముందే చెప్పు. అన్నిటి కంటే ముందు పీఎఫ్ రికార్డులో పేరు, పుట్టిన తేదీ, ఆధార్‌లో ఉన్నవీ అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో ఇవాళే చూడు. ఆ రోజుల్లో మేం లైసెన్సు చూసి రాసుకున్న ఇంటిపేరు ఒకలా ఉంటుంది, ఆధార్ వాడు కొట్టింది ఇంకోలా ఉంటుంది. ఆ ఒక్క అక్షరానికి నెలల తరబడి విశాఖ పీఎఫ్ ఆఫీసు మెట్లు ఎక్కినవాళ్ళు మన మండలంలోనే ఉన్నారు. సంస్థ నుంచి దిద్దుబాటు ఉత్తరం ఇవ్వాల్సింది నువ్వే. నువ్వు ఇంకో కంపెనీకి మారిపోతే ఆయన ఎవర్ని అడుగుతాడు?

సభ ఏర్పాట్ల గురించి రెండు ముక్కలు. వేదిక మీద అమ్మగారికి కుర్చీ వేయండి, దండ ముందు ఆవిడకి వేయించండి, మీ ఆడ ఉద్యోగి చేత. ఈ ఇరవై ఎనిమిదేళ్ళలో ఆయన ఇంట్లో లేని పండగలన్నీ ఆవిడ ఒక్కతే చేసింది. జ్ఞాపికగా గాజు ఫలకం వద్దు, వడ్డాదిలో ఆ ఇంట్లో పెట్టే చోటు లేదు. మాడుగుల హల్వా డబ్బాలు తెప్పించి వచ్చినవాళ్ళందరికీ పంచండి, ఆయన ఘాట్ దిగిన ప్రతిసారీ ఆఫీసుకి తెచ్చేవాడు, ఈసారి మీరు తెప్పించండి. ఆ రోజు ఆయన్ని ఇంటికి కారులో పంపుతానన్నావు, మంచిదే. చోడవరం దాటాక రోడ్డు గతి నీకు తెలుసు కదా, కాస్త కొత్త టైర్లున్న కారు చూడు. నడిపేది ఎవరో కూడా చూసి పెట్టు. వెనక సీట్లో కూర్చున్నది ఈయన, దారి పొడుగునా గేరు ఎప్పుడు మార్చాలో చెబుతూనే ఉంటాడు.

నేను శనివారం పొద్దున బస్సుకి బయలుదేరి వస్తాను. నన్ను వేదిక మీదకి పిలవకు, వెనక కలాసీల దగ్గర కూర్చుంటాను. భోజనాలు మాత్రం పన్నెండున్నరకే మొదలెట్టించు. సాయంత్రం లోడుకి వెళ్ళాల్సిన డ్రైవర్లకి ముందు వడ్డించండి, తిని ఓ రెండు గంటలు పడుకుని మరీ బండెక్కుతారు.

మీ అమ్మని అడిగానని చెప్పు.

నీ మావయ్య